రిక్రూటర్‌కి మెసేజ్: ముందు మీరెవరో వాళ్లకు దొరకాలి

"ఆన్‌లైన్‌లో అప్లై చేసి రెండు వారాలైంది, ఏ కబురూ లేదు. ఆ కంపెనీ రిక్రూటర్‌కి లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెట్టొచ్చా? ఏం రాయాలి?"

పెట్టొచ్చు. పెట్టాలి కూడా. నేను హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీకి రిక్రూటర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి, అలాంటి మెసేజ్ అందుకున్నాక మా వైపు ఏం జరుగుతుందో చెబుతాను.

మొన్నామధ్య ఒకే సాయంత్రం రెండు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిది సాయి కిరణ్ అనే అబ్బాయి పంపాడు. చాలా మర్యాదగా రాశాడు. మా కంపెనీ అంటే ఇష్టమని, కష్టపడతానని, ఒక్క అవకాశం ఇవ్వమని. ఏ ఉద్యోగానికి అప్లై చేశాడో మాత్రం రాయలేదు. సరే చూద్దామని మా అప్లికేషన్ల సాఫ్ట్‌వేర్‌లో పేరు కొడితే, సాయి కిరణ్‌లు ఒక పేజీ నిండా వచ్చారు. మన పేర్ల సంగతి మీకు తెలిసిందే. లింక్డ్‌ఇన్‌లో 'సాయి కిరణ్ కె' అని ఉంటుంది, అప్లికేషన్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇతను వాళ్లలో ఎవరో పోల్చుకోలేక, వివరాలు పంపమని రాసి పక్కన పెట్టాను. అతను జవాబిచ్చేసరికి ఆ పోస్టుకు ఇంటర్వ్యూలు మొదలైపోయాయి.

రెండోది ఒక అమ్మాయి పంపింది. ఇంగ్లీషులో రాసింది, తెలుగులో చెప్పాలంటే ఇంతే: "సీనియర్ బ్యాకెండ్ ఇంజనీర్ పోస్టుకు సోమవారం అప్లై చేశాను, జాబ్ ఐడీ ఇది, అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఇది. జావా, స్ప్రింగ్ బూట్‌లో ఆరేళ్లు, అందులో చివరి రెండేళ్లు పేమెంట్స్ మీద. నోటీసులో ఉన్నాను, చివరి పనిరోజు 28. ఈ పోస్టు ఇంకా ఓపెన్‌గా ఉందా?"

మెయిల్ ఐడీ కాపీ చేసి వెతికితే ఒకే ఒక్క అప్లికేషన్ వచ్చింది. రెజ్యూమె తెరిచాను. పేమెంట్స్ అనుభవం మా మేనేజర్ ప్రత్యేకంగా అడిగిందే. అప్పుడే ఫోన్ చేశాను. ఆమె అప్లికేషన్ అంతకుముందు నుంచీ అక్కడే ఉంది, కొన్ని వందల అప్లికేషన్ల కింద. మేం వాటిని వరుసగా ఒక్కొక్కటీ చదవం. నోటీసు పీరియడ్, అనుభవం, ఊరు చూసి వడపోసి, పైన మిగిలినవి తెరుస్తాం. సరిపడా మంది దొరికితే కిందివి అలాగే ఉండిపోతాయి. మెసేజ్ చేసే పనల్లా మిమ్మల్ని ఆ కింద నుంచి పైకి తీసి చూపించడం. అందుకే జాబ్ ఐడీ, అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్, మీ చివరి పనిరోజు, ఈ మూడూ లేకుండా పంపకండి.

నోటీసు గురించి ఒక మాట. మన ఐటీ కంపెనీలు చాలావరకు తమ ఉద్యోగులకు తొంభై రోజుల నోటీసు పెడతాయి, బయటి నుంచి తీసుకునేవాళ్లు మాత్రం వెంటనే చేరాలంటాయి. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, లోపల కూర్చుని రోజూ చూస్తున్నాను కాబట్టి ఇంకా కోపం. అయినా మీ నోటీసు తొంభై అయితే తొంభై అనే రాయండి. మొదటి ఫోన్ కాల్‌లోనే అది అడుగుతాం, దాచి లాభం లేదు.

ఇక ఎవరికి పంపాలి? కంపెనీ పేరు కొట్టి కనిపించిన ప్రతి హెచ్‌ఆర్‌కీ పంపకండి. జీతాలు చూసేవాళ్లు, క్యాంపస్ నియామకాలు చూసేవాళ్లు మీ మెసేజ్‌ను నాకు పంపుతారన్న నమ్మకం లేదు. లింక్డ్‌ఇన్‌లో ఆ ఉద్యోగ ప్రకటన కింద కొన్నిసార్లు "Meet the hiring team" అని ఒక పేరు ఉంటుంది. ఉంటే ఆ మనిషికే. లేకపోతే మీ ఊళ్లో, మీ రంగానికే మనుషుల్ని తీసుకుంటున్నామని ఇటీవల పోస్టులు పెట్టిన రిక్రూటర్‌ని చూడండి.

పరిచయం లేనివాళ్లకు కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు నోట్ పంపాలి. డబ్బు కట్టని ఖాతాకు ఆ నోట్ 200 అక్షరాలు దాటకూడదు, అవీ నెలకు కొన్నే. అందుకే "గుడ్ ఈవెనింగ్ మేడమ్, హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్" అంటూ సగం చోటు వాడేయకండి. "హాయ్ మేడమ్" అని ఒక్కటి పెట్టి నా జవాబు కోసం ఆగేవాళ్లు రోజూ ఉంటారు, వాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఫోన్‌లో మెసేజ్ తెరవకముందు మాకు కనిపించేది మొదటి ముక్కే. అక్కడ పోస్టు పేరు, జాబ్ ఐడీ ఉంటే తెరుస్తాం.

చివర్లో అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్న ఒక్కటి అడగండి. "నా రెజ్యూమె చూసి ఏదైనా సూటయ్యే రోల్ ఉంటే చెప్పండి" అంటే నేను మీకోసం ఉద్యోగం వెతకాలి, అంత టైమ్ ఉండదు. "ఇంకా ఓపెన్‌గా ఉందా" అంటే అప్పటికప్పుడే జవాబిస్తాను. పోస్టు హోల్డ్‌లో పడినా, ఎవరికో ఆఫర్ వెళ్లిపోయినా ఎంత మంచి మెసేజ్ కూడా ఏమీ చేయలేదు. కానీ ఆ సంగతైనా మీకు తెలుస్తుంది.

వారం పది రోజుల్లో జవాబు రాకపోతే, కనెక్షన్ యాక్సెప్ట్ అయి ఉంటే ఇంకోసారి రెండు వాక్యాలు రాయండి. అప్పటికీ రాకపోతే ఆ పోస్టు వదిలేసి తర్వాతి దానికి వెళ్లండి.