ఒక వ్యవధిలోని గుణిజాల లెక్క: రెండు సూత్రాలు ఒకటేనా?

ప్రశ్న: a నుంచి b వరకు m గుణిజాలు ఎన్ని అనడానికి ఒకచోట ⌊b/m⌋ − ⌊(a−1)/m⌋ అని, మరోచోట ⌊b/m⌋ − ⌈a/m⌉ + 1 అని చూశాను. రెండూ ఒకటేనా? ఎలా నిరూపించాలి?

జవాబు: a, b, m పూర్ణాంకాలై, m ధనాత్మకమై, a ≤ b అయితే రెండూ ఒకటే. నేను చదువుకునే రోజుల్లో దీనిని a = mq + r అని రాసి, శేషం సున్నా అయిన సందర్భాన్నీ కానిదాన్నీ విడదీసి నిరూపించేవాడిని. ఆ దారి తప్పు కాదు. కానీ సర్వసమీకరణం కాస్త పెద్దదైతే సందర్భాలు పెరిగిపోయి, శేషం సున్నా అయినది ఎక్కడో జారిపోయేది. తరువాత నాకు పట్టుబడిన పద్ధతి ఏమిటంటే, ఫ్లోర్ విలువ ఎంత అని వెతకకుండా, ఒక పూర్ణాంకం n దానికి ఏ వైపున ఉంటుందని అడగడం. అందుకు ఈ రెండు వాక్యాలు చాలు:

⌈x⌉ ≤ n అయితేనే x ≤ n
⌊x⌋ < n అయితేనే x < n

రెండూ నిర్వచనం నుంచి నేరుగా వస్తాయి, రెండు దిశల్లోనూ నిజం. n పూర్ణాంకం కాకపోతే మాత్రం ఇవి పనిచేయవు.

ముందుగా రెండో సూత్రాన్ని చూద్దాం. గుణిజాన్ని km అని రాస్తే, a ≤ km ≤ b అనడమూ a/m ≤ k ≤ b/m అనడమూ ఒకటే. k పూర్ణాంకం కనుక అది ⌈a/m⌉ నుంచి ⌊b/m⌋ వరకు ఉంటుంది. రెండు చివరలనూ కలిపి లెక్కిస్తున్నాం కాబట్టి వాటి తేడాకు 1 కలుస్తుంది. ఇక మిగిలింది ⌈a/m⌉ = ⌊(a−1)/m⌋ + 1 అని చూపడమే. ఏదైనా పూర్ణాంకం n తీసుకోండి:

⌈a/m⌉ ≤ n
⇔ a ≤ mn
⇔ a − 1 < mn
⇔ (a−1)/m < n
⇔ ⌊(a−1)/m⌋ < n
⇔ ⌊(a−1)/m⌋ + 1 ≤ n

మొదటి వరుసలోని సంఖ్య ఏ n లను మించదో, చివరి వరుసలోనిది కూడా సరిగ్గా వాటినే మించదు. రెండూ పూర్ణాంకాలే కనుక అవి సమానం కాక తప్పదు. a పూర్ణాంకం అన్న షరతు అవసరమైంది మూడో వరుసలో మాత్రమే. a = 0.5, m = 1 తీసుకుంటే ఎడమవైపు 1, కుడివైపు 0 వస్తాయి.

ఇప్పుడు పొరపాటు ఎక్కడ జరుగుతుందో చూడండి. 100 నుంచి 1000 వరకు 7 గుణిజాలు ⌊1000/7⌋ − ⌊99/7⌋ = 142 − 14 = 128. ఇక్కడ 99 బదులు 100 వేసినా 128 వస్తుంది కనుక తప్పు బయటపడదు. అదే 98 నుంచి మొదలుపెట్టండి. సరైన లెక్క 142 − ⌊97/7⌋ = 142 − 13 = 129 కాగా, 98 వేసినవారికి 128 వస్తుంది, అంటే వ్యవధిలో ఉన్న 98 లెక్కలోంచి పోతుంది. అందుకే సూత్రాన్ని పరీక్షించేటప్పుడు కింది చివర గుణిజంగా ఉన్న ఉదాహరణ తీసుకోవాలి. గుణిజమే లేని వ్యవధిని కూడా చూడటం మంచిది: 8 నుంచి 13 వరకు 1 − 2 + 1 = 0.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది రుణ సంఖ్యలు. ఒక యంత్రం బిగించిన రోజును సున్నాగా పెట్టి, అంతకు ముందు రోజులను రుణ సంఖ్యలుగా తీసుకుని, ప్రతి ఏడో రోజునూ లెక్కించే ప్రోగ్రామ్‌ను సి భాషలో రాశాను. −10 నుంచి 10 వరకు −7, 0, 7 అని మూడు రావాలి, నాకు రెండే వచ్చాయి. సూత్రంలో లోపం లేదు: ⌊10/7⌋ − ⌊−11/7⌋ = 1 − (−2) = 3. కానీ సి భాషలోని భాగహారం దశాంశ భాగాన్ని సున్నా వైపు కత్తిరిస్తుంది కనుక −11/7 కు −2 బదులు −1 ఇస్తుంది. ధన సంఖ్యలకు అది ఫ్లోర్‌తో సమానమే కాబట్టి అప్పటిదాకా నేను గమనించలేదు. పైథాన్‌లో `-11 // 7` అంటే −2 వస్తుంది. సి భాషలో నేను ఇలా సరిచేసుకున్నాను:

```
int fdiv(int a, int m) {   /* m > 0 */
    int q = a / m;
    return (a % m < 0) ? q - 1 : q;
}
```

శేషం రుణాత్మకంగా వచ్చిందంటే భాగఫలం పైకి కత్తిరించబడిందని అర్థం, అప్పుడే 1 తగ్గించాలి. −14 వంటి గుణిజానికి శేషం సున్నా కనుక అది −2 గానే ఉంటుంది.