సర్టిఫికెట్‌పై పేరు: ఫోన్‌లో చెబితే సరిపోతుందా?

ప్రశ్న: నేను కావలిలో అధ్యాపకురాలిని. నెల్లూరులో జరిగే సదస్సుకు నా పత్రం ఎంపికైంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పేరు Lakshmi అని ఉంది. రిజిస్ట్రేషన్ ఫారం నింపిన సహ రచయిత Laxmi అని రాశారు. నిర్వాహకులకు ఫోన్ చేస్తే ‘చూసుకుంటాం లెండి మేడమ్’ అన్నారు. వచ్చే వారం సర్టిఫికెట్లు అచ్చుకు వెళ్తాయట. ఈమెయిల్ కూడా పంపాలా? అయినా తప్పు పడితే ఏం చేయవచ్చు?

జవాబు: తప్పకుండా పంపండి. ‘చూసుకుంటాం’ అన్న మాటకు రేపు ఆధారం ఉండదు.

ఎంపిక లేఖలో ఉత్తరప్రత్యుత్తరాలకంటూ ఇచ్చిన చిరునామాకే పంపండి. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ప్రకారం, అవతలివారు ప్రత్యేకించి సూచించిన చిరునామాకు మెయిల్ చేరిన క్షణమే అది వారికి అందినట్లు లెక్క; కన్వీనర్ గారి సొంత మెయిల్‌కు పంపితే మాత్రం, ఆయన దాన్ని తెరిచి తీసుకున్నప్పుడే అందినట్లు అవుతుంది. రిజిస్ట్రేషన్ సహ రచయిత పేరున జరిగింది కనుక, నిర్వాహకులకు అనుమానం రాకుండా ఆయనకూ ఒక ప్రతి పెట్టండి.

పేరును ఫొటోగా కాకుండా టైపు చేసి ఇవ్వండి. వారు దాన్ని అలాగే తీసి అతికించుకుంటారు. ఇంటిపేరు పూర్తిగా ఉండాలా, పొడి అక్షరమే చాలా, చుక్క ఉండాలా, ఖాళీ ఎక్కడ రావాలన్నది కూడా పదో తరగతి సర్టిఫికెట్ చూసుకుని రాయండి. ‘నా పత్రం సంఖ్య ఇది. రిజిస్ట్రేషన్‌లో పడిన Laxmi స్థానంలో Lakshmi అని సర్టిఫికెట్‌పైనా, సదస్సు సంచికలోనూ ముద్రించగలరు. అచ్చుకు వెళ్లే ముందు, ముద్రించబోయే పేరును యథాతథంగా టైపు చేసి ఈ మెయిల్‌కు జవాబుగా పంపగలరు’ అంటే సరిపోతుంది. రెండు చోట్లా అని అడగమనడానికి కారణం ఉంది: సర్టిఫికెట్లు సాధారణంగా రిజిస్ట్రేషన్ జాబితా నుంచి తయారవుతాయి, సంచిక మీరు పంపిన పత్రం నుంచి తయారవుతుంది. ఒకటి దిద్దినంత మాత్రాన రెండోది మారదు.

వారి జవాబు వస్తే అసలు మెయిల్‌ను పెట్టెలోనే ఉంచండి, స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి. వివాదమంటూ వస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద, దాని ముద్రిత ప్రతిని నిర్ణీత ధ్రువపత్రంతో దాఖలు చేయవలసి ఉంటుంది.

అయినా తప్పు పడితే, మెయిల్‌ను చూపి ఉచితంగా మరో సర్టిఫికెట్ కోరండి. దావా వేయమని మాత్రం నేను సలహా ఇవ్వను. కాపీరైట్ చట్టం, 1957లోని 57వ సెక్షన్ మీ రచనపై మీ కర్తృత్వానికి రక్షణ ఇస్తుందే గాని, హాజరు సర్టిఫికెట్‌లోని అక్షరదోషానికి అది వర్తిస్తుందని వాదించి నెగ్గడం కష్టం. మళ్లీ అచ్చు వేయడం కుదరదంటే, ఫలానా సంఖ్య గల పత్రాన్ని సమర్పించిన Laxmi, Lakshmi ఒకరేనని లెటర్‌హెడ్‌పై కన్వీనర్ సంతకంతో ధ్రువీకరణ తీసుకోండి. పొరపాటు ఎవరిదో వారే రాసిచ్చిన కాగితం కనుక, మీరు నోటరీ దగ్గర చేయించుకునే అఫిడవిట్ కన్నా పదోన్నతి పరిశీలనలో దానికే ఎక్కువ విలువ ఉంటుంది. గెజిట్ ప్రకటన జోలికి వెళ్లకండి. అది పేరు మార్చుకునేవారి కోసం, మీ పేరు మారలేదు.