మూలాలు దొరకలేదని దిగులెందుకు?

“సార్, మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. x³ − 2x² + 3x − 4 = 0 మూలాల ఐదో ఘాతాల మొత్తం ఎంత అంటే, మూలాలు వెతుకుతూ అరగంట కూర్చున్నాడు. జేఈఈకి షార్ట్‌కట్ల ఆన్‌లైన్ కోర్సులో చేర్చమంటారా, కాలేజీ క్లాసులు చాలంటారా? వెనకబడిపోతాడేమోనని భయంగా ఉంది.” – ఒక తల్లి

అమ్మా, ఆ సమీకరణానికి ±1, ±2, ±4 ఏదీ సరిపోదు. అక్కడ ఆగిపోవడం వెనకబడటం కాదు. లెక్క అడిగింది మూలాలను కాదు, వాటి ఘాతాల మొత్తాన్ని. దానికి గుణకాలు చాలు. మూలాల మొత్తం 2, రెండేసి మూలాల లబ్ధాల మొత్తం 3, మూడింటి లబ్ధం 4. n-వ ఘాతాల మొత్తాన్ని Sₙ అనుకుంటే:

```
S1 = 2
S2 = 2·2 − 2·3 = −2
S3 = 2·(−2) − 3·2 + 3·4 = 2
S4 = 2·2 − 3·(−2) + 4·2 = 18
S5 = 2·18 − 3·2 + 4·(−2) = 22
```

S₂ రుణాత్మకం కాగానే చాలామంది పిల్లలు తప్పు చేశామనుకుని కొట్టేస్తారు. తప్పేమీ లేదు, మూలాలన్నీ వాస్తవ సంఖ్యలు కావని అర్థం, అంతే.

ఇక కోర్సు సంగతి. నాకు నమ్మకం లేదు. అలాంటి చోట “ముందు మూడు మొత్తాల్ని గుణకాలతో గుణించెయ్” అని ఒక్క వరుస సూత్రం బట్టీ పట్టిస్తారు. అది S₄ నుంచి బాగానే నడుస్తుంది. S₃కీ సరిపోతుంది, ఎందుకంటే S₀ = 3, మూలాలు మూడు కాబట్టి. బోల్తా పడేది S₂ దగ్గర. అక్కడ అదే సూత్రం 2·S₁ − 3·S₀ + 4·S₋₁ అవుతుంది. పిల్లవాడు చివరి పదాన్ని వదిలేసి 4 − 9 = −5 రాస్తాడు. S₋₁ అంటే మూలాల విలోమాల మొత్తం, 3/4. దాన్ని 4తో గుణిస్తే 3. కలిపితే −5 + 3 = −2. పైన 3 పక్కన 3 కాకుండా 2 ఎందుకొచ్చిందో ఇదే కారణం. కారణం తెలియనివాడికి ఎన్ని షార్ట్‌కట్లు కొనిచ్చినా ఒకటే.

కొంచెం కటువుగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. వాడు అరగంట కూర్చుంటే మీరు గడియారం చూశారు, కాగితం చూడలేదు. భయం మీది, కోర్సు వాడికి. 2011 ఐఐటీ-జేఈఈలో x² − 6x − 2 = 0 మూలాలతో aₙ = αⁿ − βⁿ ఇచ్చి (a₁₀ − 2a₈)/(2a₉) అడిగారు. a₁₀ = 6a₉ + 2a₈ అని రాస్తే జవాబు 3, ఒక్క వరుసలో. దానికి కాలేజీలో చెప్పే సమీకరణ వాదం చాలు.

రేపు x³ − x − 1 = 0 ఇచ్చి S₅ అడగండి. x² పదం లేదు కాబట్టి దాని గుణకం 0 అని ముందే రాసుకోమనండి. జవాబు 5. వాడికి 6 వస్తే S₂ని 2 బదులు 3 అని రాసి ఉంటాడు, ఆ వరుస ఒక్కటే మళ్లీ చేయించండి.