"దేనికి థాంక్స్?" అని భార్య అడిగితే

ప్రశ్న: మా పెళ్లయి తొమ్మిదేళ్లు. ఇద్దరు పిల్లలు. రెండోవాడు పుట్టాక మా ఆవిడ ఉద్యోగం మానేసి ఇల్లు, పిల్లల్ని చూసుకుంటోంది. ఆవిడ కష్టం నాకు తెలుసు. రోజూ థాంక్స్ చెప్తాను, పుట్టినరోజుకి మంచి బహుమతి కొంటాను, ఏ సాయం కావాలన్నా అడగమంటాను. మొన్న రాత్రి థాంక్స్ అంటే "దేనికి?" అంది. "అన్నిటికీ" అన్నాను. ఏమీ మాట్లాడకుండా వెళ్లి పడుకుంది. అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. ఇంకేం చేస్తే నేను నిజంగా గుర్తించానని ఆవిడకి తెలుస్తుంది?

జవాబు: ఆవిడ వేసిన ప్రశ్నని కోపం కింద తీసుకోకండి. జవాబు కోసమే అడిగి ఉంటారు. మీ పై అధికారి ఏడాది పొడుగునా "అంతా బాగా చేస్తున్నావు" అని తప్ప ఇంకో మాట అనకపోతే, అసలీయన నా పని ఎప్పుడైనా చూశాడా అని మీకూ అనుమానం వస్తుంది కదా. "అన్నిటికీ" అన్నప్పుడు ఆవిడకి వచ్చింది ఆ అనుమానమే అనుకుంటాను.

థాంక్స్ మానేయమని కాదు, దాని రూపం మార్చండి. సారా ఆల్గో అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం, జంటలు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకునే తీరును పరిశీలించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించింది. "నువ్వు చేసినందువల్ల నాకు హాయిగా ఉంది" అంటూ తమకు కలిగిన మేలు చెప్పుకోవడం కంటే, అవతలివాళ్లు చేసినదాన్నీ వాళ్ల మంచి గుణాన్నీ పట్టి చెప్పడమే ఎక్కువ పనిచేస్తుందని అందులో తేలింది. "పెద్దది స్కూలుకి వెళ్లనని ఏడుస్తుంటే నువ్వు తొందరపెట్టకుండా పక్కన కూర్చుని కారణం రాబట్టావు, నేనైతే అరిచేసేవాణ్ణి" అని చెప్పి చూడండి. అలా చెప్పాలంటే ముందు మీరు అక్కడ ఉండాలి, గమనించాలి. వారానికి ఒక్కసారి అలా చెప్పగలిగినా చాలు.

ఇక అసలు సంగతి. "ఏ సాయం కావాలన్నా అడుగు" అనే మాటలో చిక్కుంది. అలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇంటిపని వెనకాల నడిచే ఆలోచనని నాలుగు భాగాలుగా విడదీసి 2019లో ఒక వ్యాసం రాశారు. అవసరం రాకముందే పసిగట్టడం, దానికి ఏయే దారులున్నాయో వెతకడం, ఒకటి నిర్ణయించడం, ఆ తర్వాత అనుకున్నట్టు జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. డామింగర్ మాట్లాడిన దంపతుల్లో నిర్ణయాలు చాలావరకు ఇద్దరూ కలిసే తీసుకునేవారు. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా భార్యల మీదే పడేవి. మీరు అడిగించుకుని చేసే పనిలో కూడా ఈ రెండు కొసలూ మీ ఆవిడ తలలోనే ఉంటాయి. పని మీ చేతికి వచ్చినా టెన్షన్ ఆవిడ దగ్గరే ఉండిపోతుంది.

కాబట్టి ఏదో ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా, పూర్తిగా మీ బాధ్యతగా తీసుకోండి. ఉదాహరణకి పిల్లల పళ్ల సంగతే చూద్దాం. "ఇవాళ వాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు" అని చెప్తే వెళ్లడం సాయం. మొత్తం మీదైతే ఇలా ఉంటుంది: తినేటప్పుడు వాడు ఒకవైపే నములుతున్నాడని గమనించేది మీరు. డాక్టర్ టైమ్ తీసుకునేది మీరు, దానికోసం ఆఫీసులో సెలవు పెట్టేది కూడా మీరే. పాత రిపోర్టు వెతకడం, భయపడే పిల్లాణ్ణి ముందు రోజే సిద్ధం చేయడం, మందు పూటపూటకీ వేయడం, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో మీ ఫోన్‌లో పెట్టుకోవడం, ఆ రోజు గుర్తుంచుకోవడం, ఇవన్నీ మీవే. ఇంతా అయ్యాక ఆవిడ చేయాల్సింది "ఏమన్నారు?" అని కుతూహలంగా అడగడం ఒక్కటే.

ఏ పని తీసుకోవాలో మీ అంతట మీరు తేల్చకండి. ఆవిడకి ఇష్టమైన పని లాక్కుంటే అది ఇంకో అవమానం. వంట చేయడం ఇష్టమే అయినా, రోజూ ఏం వండాలో ఆలోచించడం ప్రాణం మీదకి వస్తూ ఉండవచ్చు. "వీటిలో ఏది నీ నెత్తి మీంచి పూర్తిగా దిగిపోతే బాగుంటుంది?" అని అడగండి. ఎలా జరిగితే సరిగ్గా జరిగినట్టో ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోండి. ఆ తర్వాత ఆవిడ గుర్తు చేయకూడదు, మీరు మాటిమాటికీ సలహా అడగకూడదు.

మొదటి నెల ఇబ్బందిగానే ఉంటుంది. మీరు ఒకటి మర్చిపోతారు, ఆవిడ ఆగలేక అందుకుంటారు, మీకు చిరాకొస్తుంది. మర్చిపోయినప్పుడు డాక్టర్‌కి ఫోన్ చేసి సర్దుకోవాల్సింది మీరే. ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు, చేసిన ప్రతిసారీ వచ్చి చెప్పుకోవడం. రోజుకి ఇరవై పనులు చెప్పకుండా చేసే మనిషి దగ్గర ఒక్క పనికి శభాష్ ఆశించకండి. ఆ విషయం అడగడమే ఆవిడ మర్చిపోయారంటే పని నిజంగా చేతులు మారినట్టు.

తర్వాతది డబ్బు. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కూడా దాన్ని దాటేస్తారు. జీతం ఆగినప్పుడు ఆవిడకి రెండు పోయాయి. అడక్కుండా ఖర్చు పెట్టుకునే స్వేచ్ఛ ఒకటి, వయసు మీరాక పనికొచ్చే సొంత పొదుపు రెండోది. మీ జీతంలోంచి ఇంటి ఖర్చులన్నీ తీసేశాక మిగిలినదాంట్లో ఇద్దరికీ సమానంగా, ఎవరికివారు లెక్క చెప్పక్కర్లేని మొత్తం పెట్టుకోండి. ఆవిడది ప్రతి నెలా మీ జీతం పడ్డ రోజే ఆవిడ ఖాతాలోకి తనంతట తనే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. మీరు గుర్తొచ్చినప్పుడు పంపితే అది మళ్లీ మీ దయ అవుతుంది. "నీకు ఇస్తున్నాను" అనే మాట కూడా వద్దు. రిటైర్మెంట్ కోసం మీరెంత దాస్తున్నారో, వీలైతే అంతా ఆవిడ పేరున కూడా దాచండి. ఇద్దరికీ చాలకపోతే మీది కొంత తగ్గించి అయినా ఆవిడది మొదలుపెట్టండి. పుట్టినరోజు బహుమతి చిన్నదైనా ఫర్వాలేదు.

పరిస్థితి నిజంగా మారిందా లేదా అన్నది డబ్బు విషయంలో ఇట్టే తెలుస్తుంది. తన కోసం ఏదైనా కొన్నప్పుడు ఆవిడ ధర తగ్గించి చెప్తున్నా, సంజాయిషీ ఇస్తున్నా, ఇంకా అనుమతి అడుగుతున్నట్టే లెక్క. అప్పుడు "అంత పెట్టావా?" అని మీ నోట్లోంచి రాకుండా చూసుకోండి. ఒక్కసారి అన్నా ఆరు నెలల శ్రమ పోతుంది. నలుగురిలో ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తారు?" అంటే "ఖాళీనే" అనే అలవాటుంటే అదీ ఇవాళే ఆపేయండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇవన్నీ చేసినా ముభావం తగ్గకపోవచ్చు. ఉద్యోగం మానడం ఆవిడ ఇష్టంతో జరిగిందా, గత్యంతరం లేక జరిగిందా అన్నది మీరు రాయలేదు. రెండోదే అయితే ఆవిడకి కావాల్సింది మెచ్చుకోలు కాకపోవచ్చు, మళ్లీ పనిలోకి వెళ్లే దారి కావచ్చు. పిల్లలు పడుకున్నాక ఫోన్ పక్కన పెట్టి ఆ ఒక్క విషయం అడగండి. "వెళ్తాను" అంటే, పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న ఆవిడకి వేయకండి. మీ ఆఫీసు వేళల్లో ఏం మార్చుకోగలరో ముందే ఆలోచించుకుని వెళ్లండి.