ఆకు ముక్క నుంచి మొక్క ఎప్పుడొస్తుంది?

స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క నాటి రెండు నెలలైంది, పిలక రాలేదు. పీకేయాలా? బెగోనియా, సక్యులెంట్ ఆకులకూ ఇదే పద్ధతా?

ముక్క గట్టిగా ఉంటే పీకకండి. ముందు వేర్లు వస్తాయి, పిలకకు ఇంకో రెండు మూడు నెలలు పట్టొచ్చు. అడుగు మెత్తబడి వాసన వస్తే మాత్రం కుళ్లినట్టే. బాగున్న పై భాగం కోసి, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో మళ్లీ నాటండి. ఆకు కింది వైపే మట్టిలో ఉండాలి, తలకిందులైతే వేరు పట్టదు. పసుపు అంచు రకమైతే ఓ చిక్కు: పిలక మామూలు పచ్చగానే వస్తుంది. అంచు కావాలంటే దుంప విడదీయడమే.

సక్యులెంట్ ఆకు మొదలుతో సహా ఊడి రావాలి, మధ్యలో విరిగితే చాలా రకాల్లో మొక్క రాదు. రెక్స్ బెగోనియాకు ఆరబెట్టడం పనికిరాదు. వెనకవైపు ఈనెలు అక్కడక్కడ కోసి, తడి మట్టికి ఆనించి, పైన పారదర్శకమైన మూత పెట్టాలి.