ఫాలోవర్లను ఒత్తిడి లేకుండా ఈమెయిల్ లిస్టులోకి తేవడం

ఫాలోవర్లు బాగానే ఉన్నారు, ఈమెయిల్ లిస్టులో చేరమంటే మాత్రం చేరడం లేదు. విసిగించకుండా ఎలా అడగాలి?

ఇప్పటికే జనం బాగా సేవ్ చేసుకున్న మీ పోస్టు ఒకటి ఎంచుకుని, దానికి కొనసాగింపుగా పనికొచ్చే ఒక్క పేజీ ఫైలును ఈమెయిల్‌కి పంపుతానని చెప్పండి. "నా న్యూస్‌లెటర్‌లో చేరండి" అంటే అది మీ అవసరంలా వినిపిస్తుంది. పోస్టు సేవ్ చేసుకున్నవాళ్లు ఆ విషయం మళ్లీ చూడాలనుకుంటున్నారు కాబట్టి, ఫైలు ఇస్తామంటే అది వాళ్ల అవసరమే.

ఉదాహరణకు, పరుగెత్తే పిల్లల ఫోటోలు ఎందుకు మసకబారతాయో ఒక ఫోటోగ్రాఫర్ పోస్టులో పూర్తిగా వివరించారనుకుందాం. చివర్లో ఒక్క వాక్యం: "ఏ సందర్భానికి ఎంత షటర్ స్పీడ్ అనే పట్టిక కావాలంటే బయోలో లింకు ఉంది." ఆ పట్టికలో నిలబడ్డ మనిషికి 1/125 సెకను, పరుగెత్తే పిల్లలకి 1/500 సెకను, అలా ఉంటాయి. ఫారంలో ఈమెయిల్ గడి ఒక్కటే చాలు, ఫోన్ నంబర్ అడిగితే చాలామంది వెనక్కి పోతారు. తర్వాత కూడా మెయిళ్లు వస్తాయని అక్కడే చెప్పండి, దాచితే స్పామ్ అని నొక్కుతారు.

లింకు నొక్కేవాళ్లే తక్కువైతే ఫైలు పోస్టుకి అతకలేదన్నమాట. నొక్కి కూడా ఈమెయిల్ ఇవ్వకపోతే లోపం ఫారం పేజీలో ఉంటుంది.

పెద్ద ఈ-బుక్ ఇస్తే ఎక్కువ ఫలితం ఉంటుందనేది చాలామందికి ఉన్న అపోహ. యాభై పేజీలు డౌన్‌లోడ్ చేస్తారు, కానీ చాలామంది తెరవరు. తెరవనివాళ్లకి మీ తర్వాతి మెయిల్ ఎవరిదో కూడా గుర్తుండదు.