టై పినాఫోర్ లోపలికి పోతుంది

ప్రశ్న: మా పిల్లల బడిలో యూనిఫాం మారుస్తున్నారు. పినాఫోర్, టై, నాలుగు హౌస్ రంగులు ఉండేలా బొమ్మలతో నమూనా గీసి తల్లిదండ్రుల కమిటీకి చూపించే పని నాకు అప్పగించారు. ఇంక్‌స్కేప్ కొంచెం వచ్చు. ఎన్ని బొమ్మలు వేయాలి, ఎలా వేయాలి?

ఈ పని నేను ఒకసారి చేశాను. మొదటి సమావేశంలో చప్పట్లు కొట్టారు. నెల తిరక్కుండానే కుట్టిన నమూనా గౌను బల్ల మీదికి వచ్చింది, అప్పుడు అందరూ నావైపు చూశారు. నా బొమ్మలో అమ్మాయి మెడ నుంచి నడుము దాకా ఎర్రటి చారల టై నిండుగా వేలాడుతోంది. కుట్టిన గౌనులో టై ముడి, దాని కింద నాలుగు వేళ్ల మేర చారలు, అంతే. మిగతాదంతా పినాఫోర్ పైభాగం లోపలికి పోయింది. ‘బొమ్మలో ఉన్న టై ఏది?’ అని ఒకావిడ అడిగారు. తప్పు కుట్టినవారిది కాదు, నాది. పినాఫోర్ వేసుకుంటే టై ఎప్పుడూ లోపలే ఉంటుంది. నేను అందం కోసం దాన్ని పైన పెట్టి గీశాను.

అందుకని పొరల వరుసతో మొదలుపెట్టండి. ఒంటి మీద బట్టలు ఏ వరుసలో వేసుకుంటామో లేయర్లు కూడా అదే వరుసలో ఉండాలి: చొక్కా, దాని మీద టై, టై మీద పినాఫోర్, పినాఫోర్ మీద బెల్టు, అన్నిటికన్నా పైన చొక్కా కాలరు. కాలరును చొక్కాతో కలిపి ఒకే ఆకారంగా గీస్తే టై పట్టీ దాని మీదుగా పోతుంది, చూడగానే మెడకు తాడు కట్టినట్టు ఉంటుంది. కాలరు రెండు రెక్కలనూ విడిగా గీసి పైన పెట్టండి. ముడి ఆ రెండు రెక్కల మధ్య నుంచి కనిపించాలి.

ఇప్పుడు కొలత. బొమ్మ అందంగా ఉండటం కన్నా కొలతకు ఉండటం ముఖ్యమని నేను దెబ్బ తిన్నాకే తెలుసుకున్నాను. పదోవంతు స్కేలు పెట్టుకుంటే లెక్క సులువు, ఒక సెంటీమీటరు బట్ట కాగితం మీద ఒక మిల్లీమీటరు. ఆరేళ్ల అమ్మాయి ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు, పదేళ్ల అమ్మాయిది 139, పద్నాలుగేళ్ల అమ్మాయిది 160. అంటే బొమ్మలు పదకొండున్నర, దాదాపు పద్నాలుగు, పదహారు సెంటీమీటర్లు వస్తాయి. అడ్డంగా పెట్టిన ఏ4 కాగితంలో మూడూ పక్కపక్కన పడతాయి. తల కొలత కూడా చూసుకోండి. ఆరేళ్ల పిల్ల ఎత్తు దాదాపు ఆరు తలలంత ఉంటుంది, పద్నాలుగేళ్లకు అది ఏడు, ఏడున్నర మధ్యకు వస్తుంది. ఫ్యాషన్ బొమ్మల్లో తొమ్మిది తలల ఎత్తు పెడతారు, ఆ అదనపు పొడవంతా దాదాపు కాళ్లకే పోతుంది. అలాంటి బొమ్మకు పినాఫోర్ తొడిగితే మోకాలి కిందికి ఉండాల్సిన అంచు పొట్టిగా కనిపించి, సమావేశం సగం దాని మీదే గడిచిపోతుంది.

ఈ స్కేలులో టై సంగతి మళ్లీ చూడండి. పదేళ్ల అమ్మాయికి పినాఫోర్ మెడ వి ఆకారంలో 12 సెంటీమీటర్లు దిగిందనుకుందాం. అందులో ముడికే దాదాపు నాలుగు పోతుంది. చారలకు మిగిలింది ఎనిమిది సెంటీమీటర్లు, అదీ కిందికి వెళ్లేకొద్దీ వి ఆకారం ఇరుకవుతుంది కాబట్టి కొసన టై అంచులు మూసుకుపోతాయి. మెడ గుండ్రంగా, పైకి ఉంటే ముడి ఒక్కటే మిగులుతుంది. పక్కన నిలబడిన అబ్బాయికి టై ముప్పై సెంటీమీటర్లకు పైగా కనిపిస్తుంది. హౌస్ రంగును టై మీదే పెడితే అబ్బాయి ఏ హౌసో మైదానం అవతలి నుంచి తెలుస్తుంది, అమ్మాయి ఏ హౌసో దగ్గరికి వెళ్లి చూడాలి. కమిటీ తేల్చుకోవాల్సిన అసలు విషయం ఇదే. నా మొదటి బొమ్మ దాన్ని దాచేసింది.

రెండోసారి నేను ఒకే అమ్మాయి బొమ్మను మూడు మెడలతో చూపించాను: గుండ్రటి మెడ, చదరపు మెడ, లోతైన వి మెడ. మిగతా ఒక్క గీత కూడా మార్చలేదు. పక్కన నాలుగో బొమ్మకు అదే వి మెడ ఉంచి, నడుముకు హౌస్ రంగు గుడ్డ బెల్టు పెట్టాను. పది నిమిషాల్లో నాలుగోది ఖాయమైంది. బెల్టును పినాఫోర్‌కు కుట్టేయకుండా లూపుల్లోంచి దూర్చేలా గీయండి, లూపులు బొమ్మలో కనిపించాలి. అక్క గౌను చెల్లెలికి వస్తుంది, ఇద్దరూ ఒకే హౌసులో ఉంటారన్న హామీ ఏమీ లేదు. రంగు విడిగా తీసేయగలిగే దాని మీద ఉంటే ఆ గౌను ఇంకో రెండేళ్లు నడుస్తుంది. పైపింగు మీదో జేబు మీదో హౌస్ రంగు పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అప్పుడు ఈ మాట చెప్పండి.

మొహాలు గీయకండి. నా మొదటి బొమ్మలకు చక్కటి నవ్వులు, రెండు జడలు, రిబ్బన్లు పెట్టాను. ఇరవై నిమిషాలు జడల మీద చర్చ జరిగింది, బట్టల మీద కాదు. ఖాళీ మొహం, జుట్టుకు ఒక్క మామూలు ఆకారం చాలు. చేతులు ఒంటికి కాస్త ఎడంగా ఉంటే జేబూ, పక్క కుట్టూ, బెల్టూ చేతుల వెనక దాక్కోవు. వెనక వైపు బొమ్మ ఒకటి తప్పదు, ఎందుకంటే భుజం పట్టీలు ఎలా కలుస్తాయో, జిప్పు ఎక్కడుందో ముందు నుంచి తెలియదు. కూర్చున్న బొమ్మ ఒకటి కూడా వేయండి. నిలబడితే మోకాలిని కప్పే అంచు, కూర్చోగానే ఎంత పైకి జరుగుతుందో అందులోనే తెలుస్తుంది.

నాలుగు హౌసులకు నాలుగు బొమ్మలు విడివిడిగా గీయకండి, ఒకదాన్ని సరిచేసినప్పుడు మూడు మరిచిపోతారు. మూల బొమ్మ ఒకటే గీసి, అందులో హౌస్ రంగు రావాల్సిన భాగాలకు మాత్రం `Fill and Stroke` లో ప్రశ్నార్థకం గుర్తున్న `Unset paint` నొక్కండి. ఆ భాగాలు నల్లగా మారతాయి, కంగారు పడకండి. బొమ్మ మొత్తాన్ని గ్రూపు చేసి `Alt+D` తో క్లోన్లు తీయండి. ఒక్కో క్లోనుకు మీరు ఇచ్చే రంగు ఆ నల్ల భాగాలకే పడుతుంది, చొక్కా, గౌను మారవు. తర్వాత మూల బొమ్మలో మెడ ఒక సెంటీమీటరు దించితే నాలుగింటిలోనూ దిగుతుంది. ఒక చిక్కుంది. టై చారలను ప్యాటర్న్‌గా నింపితే ఈ ఉపాయం పనిచేయదు, ప్యాటర్న్ లోపలి రంగు క్లోను మాట వినదు. చారలను మామూలు పట్టీలుగా గీసి, టై ఆకారంతో క్లిప్ చేయండి.

చారల దిశ కూడా చూడండి. ముడి మీది చారలు, కిందికి వేలాడే భాగం మీది చారలు ఒకే కోణంలో ఉండవు, ముడి వేసేటప్పుడు బట్ట మెలి తిరుగుతుంది. రెండింటినీ ఒకే కోణంలో గీస్తే అది టై లాగా కాక, టై ఆకారంలో కత్తిరించిన కాగితం లాగా కనిపిస్తుంది. వరుసలో బొమ్మలు ఒకేలా ఉన్నాయని కొన్నిటిని `H` నొక్కి అటూ ఇటూ తిప్పాలనిపిస్తుంది. వద్దు. తిప్పగానే చారలు ఎదురు దిశకు పోతాయి, జేబూ బ్యాడ్జీ కుడి ఛాతీ మీదికి వెళ్తాయి. అదీ ఒక ప్రతిపాదనే అనుకుని ఎవరో ఒకరు చర్చకు పెడతారు.

రంగుల దగ్గర రెండు పరీక్షలు చేయండి. మొదటిది, మొత్తం కాగితాన్ని నలుపు తెలుపులో ప్రింటు తీయండి. నేను మొదట ఎరుపుకు `#c62828`, ఆకుపచ్చకు `#2e7d32` పెట్టాను. తెర మీద రెండూ ఎంత దూరమో! ప్రింటులో మాత్రం ఏది ఏదో నాకే తెలియలేదు, రెండూ దాదాపు ఒకే బూడిద. ఎరుపూ ఆకుపచ్చా పోల్చుకోలేని పిల్లలకూ, పెద్దలకూ ఇంచుమించు ఇదే ఇబ్బంది. ఆకుపచ్చను `#1b5e20` దాకా ముదురు చేశాక తేడా వచ్చింది. రెండోది పసుపు. తెల్ల చొక్కా మీద నిమ్మపసుపు టై నిలవదు. `#ffff00` కూ తెలుపుకూ మధ్య కాంట్రాస్ట్ నిష్పత్తి 1.07 మాత్రమే, పక్కపక్కన రెండు తెల్లకాగితాలు పెట్టినట్టే. పసుపును ఆవాల పసుపు వైపు తీసుకెళ్లండి, లేదా చారల మధ్య ముదురు గీత పెట్టండి.

ఈ అంకెలు తెరకే పనికొస్తాయి. ప్రొజెక్టరు మీద కనిపించే ఎరుపు వేరు, ప్రింటులో వచ్చేది వేరు, బట్టకు అద్దేది వేరు. పైగా ట్యూబులైటు కింద సరిపోయిన రెండు గుడ్డలు ఎండలోకి రాగానే వేరు రంగులుగా తేలవచ్చు. కాబట్టి ప్రతి బొమ్మ కింద అసలు బట్ట ముక్కను పిన్ను చేసి, ‘రంగు ఈ ముక్క ప్రకారం’ అని రాయండి. ఆ ముక్కలను చేతికిచ్చి కిటికీ దగ్గరికి వెళ్లి చూడమనండి.

చివరగా ప్లీట్లు, అంటే గౌను కుచ్చులు. బొమ్మ నిండుగా ఉండాలని నేను స్కర్టు మీద ఇష్టం వచ్చినట్టు పదకొండు గీతలు గీశాను. కుట్టే ఆయన వాటిని లెక్కపెట్టి, ‘ఇవి ఎటువైపు మడతలు? మధ్యలో మిగిలిన గీత ఏమిటి?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. బాక్స్ ప్లీటును రెండు మడత అంచులుగా చూపాలి. పూర్తి మడత పెడితే ప్లీట్లకు నడుము చుట్టుకొలతకు మూడింతల బట్ట పడుతుంది, 60 సెంటీమీటర్ల నడుముకు 180. ముందు వైపు రెండు బాక్స్ ప్లీట్లు, మిగతాది సాదా అని తేల్చుకుంటే బట్ట చాలా తగ్గుతుంది, ఇస్త్రీ కూడా తేలిక. గళ్ల బట్ట అయితే గళ్లను స్కర్టు మొత్తం మీద ఒకే ప్యాటర్న్‌గా పరిచేయకండి. మడత లోపలికి పోయిన గళ్లు బయటికి కనిపించవు కాబట్టి, ప్రతి ప్లీటు దగ్గరా గడి తెగి ఇంకోచోట మొదలవుతుంది. ఒక్కో ప్లీటును విడి ఆకారంగా గీసి, ప్యాటర్న్‌ను ఒక్కోదానిలో కొద్దిగా జరపండి.

కమిటీకి చూపే కాగితాన్ని మాత్రం కుట్టేవారికి ఇవ్వకండి. వారికోసం మనిషి లేకుండా గౌనును మాత్రమే ముందు, వెనక బల్లపరుపుగా గీసి, మెడ లోతు, పట్టీ వెడల్పు, ప్లీట్ల సంఖ్య, కింద అంచు మడత ఎంతో అంకెల్లో రాయండి. అంచు మడత నేను ఏడు సెంటీమీటర్లు రాశాను, పిల్ల ఎదిగితే దించుకోవచ్చని. టై ఈ కాగితంలో ఉండదు. ఉంటే మళ్లీ నాలాగే ఎవరో దాన్ని పైన గీస్తారు.